పిల్లల బూట్ల నంబరు 13 తర్వాత మళ్లీ 1 ఎందుకు? యూత్, బిగ్ కిడ్ నంబర్లు ఎలా చదవాలి?

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. వేసుకునే బూట్ల మీద 13 అని ఉంది, అవి బిగుతైపోయాయి. 14 కోసం వెతికితే ఎక్కడా లేదు, 13 తర్వాత మళ్లీ 1 వస్తోంది. ఒకచోట 1Y అని, ఇంకోచోట లిటిల్ కిడ్ 1 అని, యూత్ అని, బిగ్ కిడ్ 4 అని ఏవేవో ఉన్నాయి. ఇలా ఎందుకు? పాదం కొలిస్తే 20 సెం.మీ. మీద 2 మి.మీ. వచ్చింది. ఏ నంబరు తీసుకోవాలి?

సమాధానం:

మీరు వెతికిన 14 ఉంది, దాని పేరే 1. సైజులు 13 దగ్గర ఆగవు, అంకె మాత్రమే మొదటికొస్తుంది. వరస ఇలా నడుస్తుంది: 12, 12.5, 13, 13.5, 1, 1.5, 2. ఇందులో ప్రతి అడుగుకీ బూటు ఒకే కొలతలో పెరుగుతుంది. 13 నుంచి 1కి వెళ్లడమంటే 11 నుంచి 12కి వెళ్లినట్టే, ఒక్క సైజు.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే ఈ అంకెలు దేన్ని కొలుస్తున్నాయో ముందు చూడాలి. ఇవి పాదాన్ని కొలవవు. బూటు తయారుచేసేటప్పుడు లోపల పెట్టే అచ్చు ఉంటుంది, దాన్ని లాస్ట్ అంటారు. నంబరు ఆ అచ్చు పొడవుది. ఇంగ్లండులో పాతకాలం నుంచి దీన్ని కొలిచిన ప్రమాణం బార్లీగింజ. మూడు గింజలు వరసగా పెడితే ఒక అంగుళం. అంటే ఒక గింజ అంగుళంలో మూడో వంతు, మన లెక్కలో 8.47 మి.మీ. ఈరోజుకీ బ్రిటిష్, అమెరికన్ నంబర్లలో ఒక పూర్తి సైజుకీ ఇంకో పూర్తి సైజుకీ మధ్య తేడా అదే. అర సైజంటే అందులో సగం, 4 మి.మీ. పైచిలుకు.

లెక్క మొదలయ్యేది సున్నా అంగుళాల దగ్గర కాదు. అంత చిన్న పాదం ఎవరికీ ఉండదు కాబట్టి బ్రిటిష్ పిల్లల స్కేలులో సున్నా నంబరు నాలుగు అంగుళాల దగ్గర ఉంటుంది. నాలుగు అంగుళాలంటే హ్యాండ్ అనే పాత కొలత, గుర్రాల ఎత్తు ఇప్పటికీ దాంతోనే చెబుతారు. అక్కణ్ణుంచి ఒక్కో గింజ చొప్పున పెంచుకుంటూ పోతే 13వ నంబరు 8⅓ అంగుళాల దగ్గర పడుతుంది, అంటే దాదాపు 212 మి.మీ. పిల్లల స్కేలు అక్కడితో అయిపోయింది. పెద్దవాళ్ల స్కేలుకి సున్నా ఎక్కడ పెట్టారో చూడండి: సరిగ్గా అదే 8⅓ అంగుళాల దగ్గర. పిల్లల 13, పెద్దల 0 రెండూ ఒకే గీత. పెద్దల సున్నా నంబరు బూటు మీకెక్కడా కనపడకపోవడానికి కారణం అదే, అది 13 అన్న పేరుతో ముందే అమ్ముడవుతోంది. పెద్దల అర నంబరు కూడా 13.5 పేరుతోనే ఉంది. ఆ తర్వాతది 1.

కాబట్టి మీ పాప వేసుకోబోయే 1, పెద్దల స్కేలులో మొదటి అంకె. మగవాళ్ల 7, 8, 9 నంబర్లు ఈ స్కేలు మీదే ముందుకెళ్తే వస్తాయి. యూత్ అని, బిగ్ కిడ్ అని రాసిన నంబర్లన్నీ ఈ రెండో స్కేలువే.

దీన్నుంచి బాగా పనికొచ్చే చిట్కా ఒకటి వస్తుంది. రెండో స్కేలు నంబరుకి 13 కలపండి. 1 అంటే 14, 2 అంటే 15, 3 అంటే 16. ఇప్పుడు అంతా ఒకే వరస, మామూలు కూడికలు, తీసివేతలు చేసుకోవచ్చు. ఉదాహరణకి పిల్లవాడు 11.5 నుంచి 2కి వచ్చాడనుకోండి. 2 అంటే 15, అందులోంచి 11.5 తీసేస్తే మూడున్నర సైజులు, 8.47తో గుణిస్తే దాదాపు 30 మి.మీ. పాత జత కొన్నది మూడేళ్ల కిందటైతే ఇది సహజమే. ఆరు నెలల కిందటే కొన్నదైతే ఎక్కడో కొలత తప్పింది, లేదా ఒక జత బ్రిటిష్ నంబరుదీ ఇంకోటి అమెరికన్ నంబరుదీ అయుంటుంది.

ముందుగా: మీ 13 ఏ దేశపు 13?

కొత్త జత చూసేముందు పాత బూటు నాలుక వెనక కుట్టిన చీటీ తిప్పి చదవండి. అక్కడ సాధారణంగా US, UK, EU, CM అని నాలుగు అంకెలు ఉంటాయి. బూటు అడుగున పెద్దగా అచ్చువేసిన 13 వాటిలో US అంకె కావచ్చు, UK అంకె కావచ్చు.

అమెరికన్ స్కేలు బ్రిటిష్‌దానికి కాస్త ముందు నుంచి మొదలవుతుంది, అందుకని ఒకే బూటుకి అమెరికన్ నంబరు ఎక్కువగా ఉంటుంది. మామూలుగా తేడా ఒక సైజు, కొన్ని కంపెనీల్లో అర సైజు. ఈ ఒక సైజు తేడా 13 దగ్గరికి వచ్చేసరికి జనాన్ని బాగా తికమక పెడుతుంది. అమెరికన్ 5కి బ్రిటిష్ 4 అని తెలిసినవాళ్లు అమెరికన్ 1కి బ్రిటిష్ ఎంత అంటే ఆగిపోతారు. ఒకటిలోంచి ఒకటి తీస్తే సున్నా, ఆ సున్నాకే 13 అని పేరని పైన అనుకున్నాం కదా. కాబట్టి US 1 అంటే UK 13. పెట్టె మీద ఒకేచోట 1 అనీ 13 అనీ కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు, రెండూ సరైనవే. అమెరికన్ లెక్కలో స్కేలు మారిపోయింది, బ్రిటిష్ లెక్కలో ఇంకా మారలేదు, అంతే.

ఇప్పుడు మీ పాప విషయం. చీటీ మీద 13 పక్కన US అని ఉంటే ఆ బూటు UK 12 లేదా 12.5 అవుతుంది, EU 31 దగ్గర ఉంటుంది. 20.2 సెం.మీ. పాదానికి అది బిగుతుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. UK 13 అని ఉంటే మాత్రం అది US 1, EU 32. ఆ బూటులో ఈ పాదం ప్రస్తుతానికి పట్టాలి. అదీ బిగుతుగా ఉందంటే పొడవు కాక వెడల్పు చాలకపోయి ఉండొచ్చు. ఆ సంగతి కిందికి వస్తాను.

అర సైజు తేడా, ఒక సైజు తేడా అని కంపెనీలు రెండు రకాలుగా రాయడం వల్ల US, UK మధ్య మార్చుకోవడంలో ఎప్పుడూ కాస్త జారుడు ఉంటుంది. అందుకే ఈ రెండింటినీ వదిలేసి EU అంకె చూసుకోవడం మేలని నా అభిప్రాయం. అది పారిస్ పాయింట్ అనే లెక్క, ఒక్కో పాయింటు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మి.మీ. సున్నా నుంచి మొదలై ఎక్కడా వెనక్కి తిరగదు. పసిపిల్లల 18 దగ్గర్నుంచి పెద్దల 45 దాకా ఒకే వరస. 31 తర్వాత 32, దాని తర్వాత 33. పిల్లలు, పెద్దలు అన్న గొడవే లేదు.

C, K, Y, లిటిల్ కిడ్, బిగ్ కిడ్

అక్షరాలు ఉన్నవి మీరు చదువుతున్నది మొదటి స్కేలా, రెండో స్కేలా అని చెప్పడానికే. C లేదా K ఉంటే మొదటిది: 10C, 12.5C, 13K. Y ఉంటే యూత్, అంటే రెండోది: 1Y, 3.5Y, 6Y. కొందరు పసివాళ్ల సైజులకి T పెడతారు, టాడ్లర్ అని. అక్షరం లేకుండా వట్టి 4 అని ఉంటే దానికి అర్థం లేదు, పక్కన ఇంకేం రాసి ఉందో చూడాల్సిందే.

లిటిల్ కిడ్, బిగ్ కిడ్ అనేవి మాత్రం స్కేలు పేర్లు కావు, అమ్మకం కోసం చేసుకున్న విభాగాలు. అమెరికన్ కంపెనీల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది. టాడ్లర్ 10C దాకా. లిటిల్ కిడ్ 10.5C నుంచి 3Y దాకా. బిగ్ కిడ్ 3.5Y నుంచి 7Y దాకా. స్పోర్ట్స్ షూల పెట్టెల మీద వీటినే TD, PS, GS అని కురచగా రాస్తారు. చివరి రెండూ ప్రీస్కూల్, గ్రేడ్ స్కూల్ అన్న మాటలు.

ఈ హద్దులు ఒకసారి జాగ్రత్తగా చూడండి, చాలామంది పొరబడేది ఇక్కడే. అంకె తిరగబడేది 13 దగ్గర. విభాగం మారేది అక్కడ కాదు, 10 దగ్గరా 3 దగ్గరా. 13C, 1Y రెండూ లిటిల్ కిడ్‌లోనే ఉంటాయి. రెండూ ఒకే నమూనా, పాదం కింద ఒకే రకం లోపలి అట్ట, ఒకే రకం అడుగు, ఒక సైజు తేడాతో. మీ పాప 13 నుంచి 1కి వెళ్తే బూటు తీరులో ఏమీ మారదు. అదే 3Y నుంచి 3.5Yకి వెళ్లినప్పుడు మారుతుంది. అంకెల్లో అది అర సైజే, బూటు మాత్రం వేరు. బిగ్ కిడ్ బూటు పెద్దల బూటుకి చిన్న రూపంలా కడతారు. అడుగు గట్టిపడుతుంది, వెల్క్రో పట్టీ స్థానంలో లేసులు వస్తాయి, ఆకారం కొద్దిగా సన్నబడుతుంది, ధర కూడా మెట్టెక్కుతుంది. పాత మోడలే కావాలని పిల్లలు పట్టుపట్టినా 3 దాటాక ఆ పేరుతో అది దొరక్కపోవచ్చు. ఆ మెట్టు దగ్గర పాత నంబరుకి అర కలిపి కళ్లు మూసుకుని తెప్పించుకోకండి, కొత్తగా కొలిచి, వేసి చూసి తీసుకోండి.

యూత్ అన్న మాటలో వయసు వినిపిస్తుంది కానీ దానికీ వయసుకీ పెద్దగా సంబంధం లేదు. ఆరేళ్ల పాదానికీ 1Y పట్టొచ్చు, తొమ్మిదేళ్ల పాదానికీ పట్టొచ్చు. లిటిల్ కిడ్ పక్కన 4–8 ఏళ్లు అని, బిగ్ కిడ్ పక్కన 8–12 ఏళ్లు అని రాసి ఉంటుంది. అది వెతుక్కోడానికి దారి చూపే గుర్తు మాత్రమే. దాన్ని బట్టి నంబరు నిర్ణయించకండి.

ఒకే అంకె, 11 సెంటీమీటర్ల తేడా

అంకె మళ్లీ మొదలవడం వల్ల 1 నుంచి 7 దాకా ప్రతి నంబరూ పిల్లల బూట్లలో రెండుసార్లు వస్తుంది. 4C ఉంది, 4Y కూడా ఉంది. రెండింటి మధ్య 13 సైజులు, ఒక్కోటి 8.47 మి.మీ. చొప్పున 110 మి.మీ. ఏ అంకె తీసుకున్నా ఈ 11 సెం.మీ. తేడా అలాగే ఉంటుంది. 1C చంటిపిల్లల పాదానికి, 1Y ఏడెనిమిదేళ్ల పిల్లల పాదానికి. ఫొటోలో రెండు బూట్లూ ఒకేలా కనపడతాయి కాబట్టి ఆన్‌లైన్‌లో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. ముఖ్యంగా సైజు ఎంచుకునే పెట్టెలో టాడ్లర్ నంబర్లు, బిగ్ కిడ్ నంబర్లు ఒకే జాబితాలో కలిపి పెట్టినప్పుడు.

పట్టుకోవడం తేలిక. EU అంకె చూడండి. 4C పక్కన 20 దరిదాపుల్లో ఉంటుంది, 4Y పక్కన 36 దరిదాపుల్లో. ఏడేళ్ల పాప కోసం చూస్తుంటే EU 27 కంటే తక్కువ కనిపించిందంటే తప్పు జాబితాలో ఉన్నట్టే లెక్క.

ఇంకో తికమక M అక్షరం. "1 M US Little Kid" అని రాసి ఉంటే ఆ M మగపిల్లలని కాదు, మీడియం వెడల్పు అని. అలాగే W అంటే పిల్లల బూట్ల మీద వైడ్, ఆడవాళ్లని కాదు. పిల్లల నంబర్లలో ఆడ, మగ తేడా ఉండదు. మగపిల్లల విభాగంలో ఉన్న 1Y, ఆడపిల్లల విభాగంలో ఉన్న 1Y ఒకే పొడవు. రంగు నచ్చితే ఎటునుంచైనా తీసుకోండి.

కొలత

పాదం 20 సెం.మీ. 2 మి.మీ. అన్నారు. ఒక్క పాదమే కొలిచారా, రెండూ కొలిచారా? రెండూ సమానంగా ఉండటం అరుదు, పెద్దదాన్ని బట్టే కొనాలి. కూర్చోబెట్టి కొలిచి ఉంటే ఇంకోసారి కొలవండి. నిలబడి బరువు వేస్తే పాదం సాగుతుంది, ఆ పొడవే మనకి కావాలి.

నేల మీద కాగితం పరిచి ఒక అంచు గోడకి ఆనించండి. బూట్లలోకి వేసే మేజోళ్లతోనే పాపని దాని మీద నిలబెట్టి, మడమ గోడకి తగిలేలా చూడండి. గోళ్లు ముందే కత్తిరించి ఉండాలి. తల దించి చూస్తే బరువు ముందుకి పడుతుంది, కాబట్టి ఎదురుగా చూడమనండి. అన్నిటికంటే ముందుకొచ్చిన వేలి దగ్గర గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండో వేలు పొడవు. పెన్సిలు నిటారుగా పట్టుకోండి, లోపలికి వాలితే రెండు మూడు మి.మీ. తగ్గిపోతుంది, దాదాపు అర సైజంత. సాయంత్రం పూట కొలిస్తే మంచిది, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

కొలతని నంబరుగా మార్చడం, ఖాళీ రెండుసార్లు కలపకుండా

పాదం ఎంతో బూటు లోపల అంతే ఉంటే నడవడం కుదరదు. అడుగు వేసినప్పుడు పాదం ముందుకి జరుగుతుంది, పిల్లలకైతే పెరగడానికీ చోటు కావాలి. వేలి ముందు 10 నుంచి 12 మి.మీ. ఖాళీతో కొత్త జత కొనడం సరైన పద్ధతి. అది 5 మి.మీ.కి తగ్గిందంటే మార్చే సమయం వచ్చింది. ఈ వయసు పిల్లల పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంటే ఒక సైజు పైన. ఇది నెలనెలా సమంగా పెరగదు, కొన్ని నెలలు కదలక ఒక్కసారి పెరుగుతుంది కూడా.

మీ పాపకి 202 మి.మీ.కి 10 నుంచి 12 కలిపితే 212 నుంచి 214 మి.మీ. లోపలి పొడవు కావాలి. ఇప్పుడు అచ్చు పొడవులు పక్కన పెట్టి చూద్దాం. UK 13, అంటే US 1, 212 మి.మీ. UK 13.5, అంటే US 1.5, 216 మి.మీ. UK 1, అంటే US 2, 220 మి.మీ. యూరప్ అంకెల్లో 32 అంటే 213, 33 అంటే 220.

మొదటిదాంట్లో 10 మి.మీ. ఖాళీ వస్తుంది. ఇప్పటికి బాగుంటుంది, అయితే నాలుగైదు నెలల్లో మళ్లీ చూసుకోవాలి. రెండోదాంట్లో 14 వస్తుంది. లేసులతో గానీ పట్టీతో గానీ బిగించే బూటైతే నేను దీన్నే ఎంచుకుంటాను, US 1.5. మూడోదాంట్లో 18 మి.మీ. ఖాళీ. ఎక్కువ రోజులు వస్తుందని చాలామంది దీన్ని తీసుకుంటారు గానీ వద్దు. బూటు వంగే చోటు వేళ్ల మొదళ్ల కిందికి రావాలి. ఇంత పొడవైతే ఆ చోటు ముందుకి జరిగిపోతుంది, మడమ లేచిపోతుంది, బూటు జారకుండా పిల్లలు వేళ్లు ముడుచుకుని నడుస్తారు. అర సైజులు లేని కంపెనీ అయితే US 1, EU 32 తీసుకోండి, త్వరగా మార్చాల్సి వచ్చినా సరే. లేసులు లేకుండా తొడుక్కునే రకానికైతే మొదటినుంచీ US 1 చూడండి, ఖాళీ ఎక్కువైతే దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

ఇక్కడో మెలిక ఉంది. పెట్టె మీద CM అని ఉండే అంకె పైన చెప్పిన అచ్చు పొడవు కాదు. అది పాదం పొడవు, ఫలానా పాదానికి ఈ బూటు అని. అందులో కావలసిన ఖాళీ తయారీదారు ముందే లెక్కేసి ఉంటాడు. మాండోపాయింట్ అనే పద్ధతి ఇదే, అందులో పాదాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు, దానికి ISO 9407 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కాబట్టి CM అంకెతో పోల్చేటప్పుడు మీ 20.2కి మళ్లీ ఒక సెంటీమీటరు కలపకండి. కలిపితే 21.2 అయి, US 2 దాటి వెళ్లిపోతారు. 20.2ని నేరుగా పోల్చి, దానికి సమానమైనదో అర సెంటీమీటరు లోపు పెద్దదో తీసుకుంటే చాలు. పెట్టె మీద CM 20 ఉంటే మీకు ఒక్క రవ్వ చిన్నది, 20.5 ఉంటే సరిగ్గా సరిపోతుంది.

అయితే ఆన్‌లైన్‌లో కొందరు అమ్మకందారులు CM అన్న గడిలో లోపలి అట్ట పొడవు రాస్తారు. అప్పుడు లెక్క మారుతుంది, మీరు ఖాళీ కలపాల్సిందే. ఏది రాశారో ఎలా తెలుసుకోవాలంటే, EU అంకెని 6.67తో గుణించండి. 32కి 213 మి.మీ. వస్తుంది. పట్టికలో 32 పక్కన 21 లేదా 21.3 అని ఉంటే అది అట్ట పొడవు. 20 లేదా 19.7 అని ఉంటే పాదం పొడవు. రెంటికీ తేడా సాధారణంగా ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఈ పరీక్షతో ఇట్టే తేలిపోతుంది.

వచ్చాక చూడాల్సింది

లోపలి అట్ట బయటికి వచ్చే రకమైతే తీసి నేల మీద పెట్టి, పాపని దాని మీద నిలబెట్టండి. మడమని అట్ట వెనక అంచుకి చేర్చి, ముందు ఎంత మిగిలిందో స్కేలుతో కొలవండి. బొటనవేలి దగ్గర పైనుంచి నొక్కి చూడటం కంటే ఇది వందరెట్లు నమ్మదగ్గది. నొక్కినప్పుడు పిల్లలు వేళ్లు వెనక్కి ముడుస్తారు, చోటు ఉందనిపిస్తుంది. అట్ట బయటికి రాకపోతే, కాగితం మీద గీసిన పాదం పొడవుకి 10 మి.మీ. కలిపి ఆ పొడవున సన్నటి అట్టముక్క కత్తిరించి బూటులోకి దూర్చండి. వంగకుండా చివరిదాకా వెళ్లాలి. వంగిందంటే బూటు చిన్నది.

అట్ట మీద నిలబడినప్పుడే వెడల్పు కూడా తెలుస్తుంది. చిటికెన వేలు పక్కకి అంచు దాటి బయటికి వస్తోందా చూడండి. పొడవులో 10 మి.మీ. మిగిలి, పక్కకి పొంగుతోందంటే పెద్ద నంబరు తీసుకోవడం దానికి మందు కాదు. అదే పొడవులో వెడల్పు రకం అడగాలి. అమెరికన్ పెట్టెల మీద W లేదా XW, వెడల్పులు విడిగా తయారుచేసే బ్రిటిష్ కంపెనీల్లో F మామూలుది, G వెడల్పుది, H ఇంకా వెడల్పుది. UK 13 అయినా బిగుతుగా ఉందంటే మీరు చూడాల్సింది ఇదే. విప్పిన వెంటనే పాదం మీద గుర్తులు చూడండి. వేళ్ల కొసల దగ్గర ఎర్రబడితే పొడవు చాలలేదు, పాదం పక్కల ఎర్రబడితే వెడల్పు చాలలేదు.

7 దాటాక

ఇది మీకు ఇంకో నాలుగైదేళ్లకి పనికొస్తుంది. బిగ్ కిడ్ 7Y దగ్గర ఆగుతుంది, ఈసారి అంకె వెనక్కి తిరగదు. యూత్ నంబర్లు మగవాళ్ల స్కేలుతో కలిసి నడుస్తాయి కాబట్టి 7Y, మగవాళ్ల 7 ఒకే పొడవు. తర్వాతది మగవాళ్ల 7.5. ఆడవాళ్ల అమెరికన్ నంబర్లు మాత్రం వేరే చోట మొదలవుతాయి. మామూలుగా యూత్ నంబరుకి ఒకటిన్నర కలపాలి, 5Y అంటే ఆడవాళ్ల 6.5. నైకీ ఈ లెక్కే వాడుతుంది. కాన్వర్స్‌లో రెండు కలపాలి, అడిడాస్‌లో ఒకటే. అందుకని యూత్ నుంచి ఆడవాళ్ల విభాగానికి మారేటప్పుడు కూడికని నమ్ముకోకుండా పాత బూటు చీటీ మీది CM, EU అంకెలు పెట్టుకుని వాటినే కొత్తదాంట్లో వెతకండి. బ్రిటిష్ నంబర్లలో ఈ బాధ లేదు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ పొడవు లెక్క ఒక్కటే.

పాత చీటీ ఫొటో తీసి ఇక్కడ పెడితే, అది US 13 అయితే 1.5 దగ్గర చూడాలో, UK 13 అయితే వెడల్పు సంగతి చూడాలో చెబుతాను.